ఫిట్స్ మాత్రల కంపెనీ మారినప్పుడు

“అదే మందండీ, కంపెనీ ఒక్కటే వేరు.” విజయవాడ సూర్యారావుపేటలో ఒక మందుల దుకాణం కౌంటరు వెనుక ఫార్మసిస్టుగా నిలబడిన 18 ఏళ్ళలో ఈ మాట నేను ఎన్ని వేలసార్లు అన్నానో చెప్పలేను. జ్వరం మాత్రకైనా, కడుపుమంట మాత్రకైనా, చాలావరకు బీపీ మాత్రకైనా ఈ మాటలో తప్పేమీ లేదు. మందు పేరు అదే, మోతాదు అదే, పని అదే. చీటీలో రాసిన కంపెనీ దొరకకపోతే మరో కంపెనీ షీటు తీసుకెళ్ళినందువల్ల రోగికి ఏ నష్టమూ జరగదు. కానీ ఫిట్స్ మాత్రల విషయంలో, అందులోనూ ఫెనిటోయిన్ విషయంలో, ఈ మాటను నేను మూడేళ్ళుగా అనడం లేదు. దానికి కారణం మా తమ్ముడు.

ముందే ఒక విషయం స్పష్టం చేస్తాను. ఖరీదైన కంపెనీ మందు మంచిదనీ, చౌకగా దొరికే జెనరిక్ మందు నాసిరకమనీ చెప్పడానికి నేను ఈ వ్యాసం రాయడం లేదు. అలాంటి ప్రచారం వల్ల నెలనెలా మందులు కొనలేక మధ్యలో మానేసేవాళ్ళే ఎక్కువవుతారు, మానేయడమంత ప్రమాదం మరొకటి లేదు. నా వాదన చాలా చిన్నది. మూర్ఛకు వాడే కొన్ని మందుల్లో ఏ కంపెనీది వాడుతున్నామనే దానికంటే ఆ కంపెనీ మారిన సంగతి డాక్టరుకూ, ఇంట్లోవాళ్ళకూ తెలిసి మారిందా, తెలియకుండా మారిందా అన్నదే ముఖ్యం.

మా తమ్ముడు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమస్తా. అతనికి 26వ ఏట స్కూటరు మీద నుంచి పడి తలకు బలమైన దెబ్బ తగిలింది. గాయం మానిన ఏడాదికి ఫిట్స్ మొదలయ్యాయి. ఫెనిటోయిన్ 100 మిల్లీగ్రాముల మాత్ర ఉదయం ఒకటి, రాత్రి రెండు, మొత్తం రోజుకు 300 మిల్లీగ్రాముల దగ్గర అవి అదుపులోకి వచ్చాయి. ఆ తర్వాత ఆరేళ్ళపాటు ఒక్కసారి కూడా రాలేదు. ఈ రోజుల్లో కొత్తగా మూర్ఛ వచ్చినవాళ్ళకు వేరే మందులతో మొదలుపెట్టడం ఎక్కువే గానీ, పాత మందుతో నిలకడగా ఉన్న మనిషిని డాక్టర్లు కదిలించరు. ఒకసారి చేయించిన రక్తపరీక్షలో అతని ఫెనిటోయిన్ స్థాయి మిల్లీలీటరుకు 14 మైక్రోగ్రాములు వచ్చింది. సాధారణంగా 10 నుంచి 20 మధ్య ఉండాలంటారు కాబట్టి అది సరిగ్గా ఉండవలసిన చోటే ఉంది.

కొత్త పంట యార్డుకు వచ్చే ఫిబ్రవరి నెలలో అతనికి క్షణం తీరిక ఉండదు. ఆ హడావిడిలో మాత్రలు అయిపోయాయని సాయంత్రం ఇంటి దగ్గరి దుకాణానికి వెళితే, అలవాటైన కంపెనీది స్టాకు లేదని మరో కంపెనీది ఇచ్చారు. మాత్ర మీద 100 అనే ఉంది, మందు పేరు కూడా అదే. అతను మారు మాట్లాడకుండా నెలకు సరిపడా కొన్నాడు. పది రోజులు ఏమీ తెలియలేదు. రెండో వారం దాటాక మేడ మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం మొదలుపెట్టాడు. ఎండకు కళ్ళు తిరుగుతున్నాయని మా మరదలు మజ్జిగ ఇచ్చి పంపేది. యార్డులో టిక్కీల, అంటే మిర్చి బస్తాల, తూకాలు రాసే పుస్తకంలో అతని అంకెలు గీత దాటి కిందికి జారిపోవడం మొదలైంది. మధ్యాహ్నం వేళ తూలుతూ నడుస్తున్నాడని, మాట ముద్దగా వస్తోందని, తాగి వస్తున్నాడేమోనని తోటి గుమస్తాలు అనుకున్నారు. జన్మలో మందు ముట్టని మనిషి ఆ మాట పడవలసి వచ్చింది.

ఒక ఆదివారం నేను గుంటూరు వెళ్ళినప్పుడు మా మరదలు వంటింట్లో నా చెయ్యి పట్టుకుని, “వదినా, ఈయన నిన్న ఒకే గ్లాసు రెండు గ్లాసుల్లాగా కనబడుతోందన్నారు. చెవిలో ఏదైనా తేడా చేసిందేమో, చెవి డాక్టరుకి చూపిద్దామా?” అని అడిగింది. నేను తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, తల కదపకుండా నా వేలి వెంట చూపు తిప్పమన్నాను. వేలు పక్కకు వెళ్ళేసరికి అతని నల్లగుడ్లు అక్కడ నిలవలేక చిన్నచిన్న కుదుపులతో వెనక్కి జారి, మళ్ళీ ముందుకు దూకుతున్నాయి. ఒంట్లో ఫెనిటోయిన్ ఎక్కువైనప్పుడు కనిపించే మొదటి గుర్తుల్లో ఇదొకటి అని చదువుకున్నాను గానీ, సొంత తమ్ముడి కళ్ళల్లో చూస్తానని అనుకోలేదు. మాత్రలు ఎక్కడున్నాయని అడిగితే ఫ్రిజ్ మీది ప్లాస్టిక్ డబ్బా తెచ్చాడు. అందులో రెండే మాత్రలు మిగిలిన పాత షీటు ఒకటీ, సగం అయిన కొత్త షీటు ఒకటీ పక్కపక్కనే ఉన్నాయి.

“ఇది ఎప్పట్నుంచి వేసుకుంటున్నావురా?”

“మూడు వారాలైందక్కా. అదే మందన్నారు. నువ్వు కూడా అందరికీ అలాగే చెబుతావు కదా?”

ఆ ప్రశ్నకు ఆ పూట నేను జవాబు చెప్పలేకపోయాను. మర్నాడు ఉదయం మాత్ర వేసుకోకముందే రక్తం ఇప్పించాం. స్థాయి 27 వచ్చింది.

ఇక్కడ న్యూరాలజిస్టు గారు చేసిన పని చెప్పాలి. ఆయన వెంటనే కంపెనీని తప్పుపట్టలేదు. ముందు వేరే కారణాలన్నీ ఒక్కొక్కటిగా అడిగారు. టీబీకి ఐసోనియాజిడ్ గాని, ఫంగస్‌కు ఫ్లూకోనజోల్ గాని వాడాడా? అవి ఫెనిటోయిన్‌ను ఒంట్లో పేరుకునేలా చేస్తాయి. పొరపాటున రాత్రి మూడు మాత్రలు వేసుకుంటున్నాడా? కామెర్లు వచ్చాయా, బరువు తగ్గాడా? ఇవేవీ లేవని తేలాకే ఆయన రెండు షీట్లూ పక్కపక్కన పెట్టి చూశారు. కంపెనీ తప్ప ఇంకేదీ మారలేదన్నది అప్పుడు మాత్రమే రాయదగిన మాట అయింది. ఆ రెండు కంపెనీల మాత్రలూ వేటికవి మంచివే అయి ఉండవచ్చని, మొదటినుంచీ రెండోదే వాడి ఉంటే దానికి తగినట్టు మోతాదు కుదిరి ఉండేదని కూడా ఆయన అన్నారు.

మరి ఒకే 100 మిల్లీగ్రాముల మాత్రతో రక్తంలో మందు దాదాపు రెట్టింపు ఎలా అయింది? దీనికి జవాబు సగం మాత్రలో ఉంది, సగం మనిషి కాలేయంలో ఉంది. కాలేయం సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే ఫెనిటోయిన్ మిగతా మందుల్లాంటిది కాకపోవడానికి కారణం అదే.

మన ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు ఉన్నాయి. పైనుంచి నీరు కొంచెం ఎక్కువగా వస్తే గేట్లు మరికొంచెం ఎత్తుతారు, మట్టం పెద్దగా మారదు. చాలా మందులను కాలేయం ఇలాగే ఖర్చు చేస్తుంది: మోతాదు పదో వంతు పెరిగితే రక్తంలో స్థాయి కూడా పదో వంతే పెరుగుతుంది. కానీ గేట్లన్నీ పూర్తిగా ఎత్తేశాక కూడా ప్రవాహం పెరుగుతూ ఉంటే, ఎత్తడానికి గేట్లు మిగలవు కాబట్టి ఆ పైన వచ్చే కాస్త నీరు కూడా మట్టాన్ని గబగబా పెంచుతుంది. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఆ మట్టం ఎలా పెరిగిందో విజయవాడ వాళ్ళకు చెప్పనక్కర లేదు. ఫెనిటోయిన్‌ను విరిచే ఎంజైములు, మామూలుగా వాడే మోతాదు దగ్గరే ఇంచుమించు గేట్లన్నీ ఎత్తేసిన స్థితికి వచ్చేస్తాయి. అందుకే ఈ మందులో చిన్న తేడా చిన్న తేడాగా మిగలదు.

డాక్టరు గారు మా తమ్ముడి అంకెలతోనే ఒక కాగితం మీద లెక్క వేసి చూపించారు. ఫెనిటోయిన్ సోడియం 100 మిల్లీగ్రాముల మాత్రలో అసలు ఫెనిటోయిన్ 92 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి మూడు మాత్రలకు 276 మిల్లీగ్రాములు. అతని కాలేయం రోజుకు ఖర్చు చేయగల గరిష్ఠం ఉజ్జాయింపుగా 375 అనుకుంటే, 276 దగ్గర రక్తంలో స్థాయి 14 వద్ద నిలుస్తుంది. కొత్త మాత్ర నుంచి మందు 15 శాతం ఎక్కువగా రక్తంలోకి చేరిందనుకుంటే 276 కాస్తా 317 అవుతుంది. పెరిగింది 41 మిల్లీగ్రాములే, అంటే సగం మాత్ర కూడా కాదు, కానీ స్థాయి మాత్రం 27 దాటుతుంది. అదే తేడా వేరే మందులో వచ్చి ఉంటే 14 అన్నది 16 అయ్యేది, ఎవరికీ తెలిసేది కూడా కాదు. పైగా ఈ పెరుగుదల ఒక్క రోజులో జరగదు. కొత్త స్థాయి దగ్గర మందు నిలదొక్కుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మొదటి పది రోజులు ఏమీ కాకపోవడానికి, ఆ తర్వాత గుర్తులు కనబడినా మాత్రల మీదికి ఎవరి మనసూ పోకపోవడానికి ఇదే కారణం.

ఇక మాత్ర సంగతి. మాత్రలో మందు ఒక్కటే ఉండదు. దాన్ని ముద్దగా పట్టి ఉంచే పొడులు, కడుపులో విడగొట్టే పదార్థాలు, మందు రేణువుల పరిమాణం, ఇవన్నీ కంపెనీకి ఒక రకంగా ఉంటాయి. ఫెనిటోయిన్ నీటిలో సులభంగా కరగని మందు కాబట్టి ఈ తేడాలు దానిమీద ఎక్కువ పనిచేస్తాయి. దీనికి వైద్యశాస్త్రంలో బాగా ఎరిగిన ఉదాహరణ ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరంలో 1968, 69 ప్రాంతంలో జరిగింది. అక్కడ ఫెనిటోయిన్ వాడుతున్న చాలామందికి ఒకరి తర్వాత ఒకరికి తూలడం, చూపు చెదరడం మొదలైంది. ఎవరూ మోతాదు పెంచుకోలేదు. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, క్యాప్సూల్‌లో మందుతో కలిపే పూరక పొడిని కాల్షియం సల్ఫేట్ నుంచి లాక్టోజ్‌కు మార్చారు. కాల్షియం ఉన్నంతకాలం కొంత మందు రక్తంలోకి చేరకుండా ఆగిపోయేది, అది పోయేసరికి చేరడం పెరిగింది. వాళ్ళు వాడుతున్న కంపెనీ కూడా మారలేదు, లోపలి పొడి మారిందంతే.

కౌంటరు దగ్గర ఇదంతా చెబితే, “మరి ప్రభుత్వం పరీక్ష చేయకుండానే అమ్మనిస్తుందా?” అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. జెనరిక్ మందుకు అనుమతి ఇచ్చేటప్పుడు, ఆరోగ్యవంతులైన కొందరికి మొదట తయారుచేసిన కంపెనీ అసలు మందును, జెనరిక్ మందును వేర్వేరుగా ఇచ్చి, రక్తంలోకి చేరిన పరిమాణాలను పోలుస్తారు. ఆ నిష్పత్తి, లెక్కలోని అనిశ్చితితో సహా, 80 నుంచి 125 శాతం మధ్యలో ఇమిడిపోవాలి. దీన్ని చూసి జెనరిక్ మందులో 20 శాతం తక్కువో, 25 శాతం ఎక్కువో ఉంటుందని చాలామంది అపార్థం చేసుకుంటారు. అది సరికాదు. అనిశ్చితి మొత్తం ఆ గీతల మధ్య ఇమడాలంటే సగటు తేడా చాలా తక్కువగా ఉండాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1996 నుంచి 2007 వరకు వచ్చిన 2,070 పరీక్షలను కలిపి చూస్తే ఆ సగటు తేడా సుమారు మూడున్నర శాతమే వచ్చింది. కాబట్టి ఆ పరీక్ష నిలబడిన మందు గురించి అనవసరంగా భయపడనక్కర లేదు.

అయినా రెండు సంగతులు మిగిలే ఉన్నాయి. ఒకటి, ప్రతి జెనరిక్ మందునూ అసలు మందుతో పోలుస్తారు గానీ, ఒక జెనరిక్ మందును మరో జెనరిక్ మందుతో పోల్చరు. ఒకటి కాస్త పైకి, మరొకటి కాస్త కిందికి ఉంటే వాటి మధ్య తేడా పెరుగుతుంది. మన దేశంలో ఒక్కో మందుకు పదుల సంఖ్యలో కంపెనీ పేర్లు ఉన్నందువల్ల ఇక్కడ జరిగే మార్పిడి ఎక్కువగా ఈ రకానిదే. రెండోది, ఫెనిటోయిన్ మూర్ఛకు పనిచేస్తుందని 1938లోనే తేలిన పాత మందు. మన దేశంలో నీటిలో సరిగా కరగని మందుల జెనరిక్‌లకు ఈ పోలిక పరీక్షను తప్పనిసరి చేస్తూ నియమాలు సవరించింది 2017 ఏప్రిల్‌లో. అంతకుముందు, మందు దేశంలో అనుమతి పొంది నాలుగేళ్ళు దాటితే, కొత్తగా తయారీ లైసెన్సు తీసుకునేవారికి ఆ పరీక్ష నిర్బంధం కాదు. అంటే పాత మందుల పాత కంపెనీ పేర్ల విషయంలో, “రెండూ ఒకటే” అని కౌంటరు వెనుక నుంచి నేను పూచీ ఇవ్వడానికి నా దగ్గర ఆధారం లేదు.

నా మాటకు ఎదురు నిలిచే బలమైన సాక్ష్యం కూడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. అమెరికాలో ప్రత్యేకంగా మూర్ఛ రోగులమీదే లామోట్రిజిన్ మందుతో పరీక్షలు చేశారు. ఒకదానికొకటి బాగా దూరంగా ఉన్న రెండు జెనరిక్ మందులను ఏరి, వాటిని ఒకరికే మార్చి మార్చి ఇచ్చి చూశారు. రక్తంలో స్థాయిల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2016లో ప్రకటించారు. ఆ ఏడాదే అక్కడి మూర్ఛ వైద్యుల సంఘం కూడా జెనరిక్ మార్పిడి పట్ల తన పాత అభ్యంతరాన్ని సడలించుకుంది. నేను ఈ ఫలితాన్ని ఒప్పుకుంటాను. కానీ అది అక్కడి నియమాల ప్రకారం అనుమతి పొందిన లామోట్రిజిన్‌కు సంబంధించిన ఫలితం. గేట్లన్నీ ఎత్తేసిన స్థితిలో పనిచేసే ఫెనిటోయిన్‌కు దాన్ని అలాగే వర్తింపజేయలేం.

ఈ విషయంలో బ్రిటన్ 2013లో చేసిన వర్గీకరణ నాకు అన్నిటికంటే తెలివైనదిగా కనిపిస్తుంది. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ మూర్ఛ మందులన్నిటినీ ఒకే గాటన కట్టకుండా మూడు వర్గాలు చేసింది. ఫెనిటోయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటోన్, ప్రిమిడోన్, ఈ నాలుగింటికీ రోగి ఏ కంపెనీ మందుతో కుదురుకున్నాడో అదే ఇవ్వాలని చెప్పింది. వాల్ప్రోయేట్, లామోట్రిజిన్, క్లోబజామ్ వంటివాటిని రోగి పరిస్థితిని బట్టి డాక్టరు నిర్ణయానికి వదిలింది. లెవెటిరాసిటమ్ వంటివాటికి ఒకే కంపెనీని పట్టుకుని ఉండవలసిన అవసరం సాధారణంగా లేదంది. కాబట్టి లెవెటిరాసిటమ్ వాడే పిల్లవాడి తల్లి, కంపెనీ మారిందని కంగారుగా నా దగ్గరికి వస్తే నేను ధైర్యమే చెబుతాను. అయితే షీటు రంగు, మాత్ర ఆకారం మారితే పిల్లలు అనుమానపడి ఉమ్మేయడం, పెద్దవాళ్ళు పాతదీ కొత్తదీ రెండూ వేసుకోవడం నేను చూశాను. ఆ పొరపాటు ఏ వర్గం మందుకైనా జరుగుతుంది.

వాల్ప్రోయేట్‌లో అసలు గండం కంపెనీ పేరులో కాక, దాని చివర ఉండే తోకలో ఉంటుంది. ఒకే 500 అంకె ఉన్నా, క్రోనో, సీఆర్, ఈఆర్, ఓడీ అన్న తోకలు మాత్ర లోపలి మందు ఎంత నెమ్మదిగా విడుదల కావాలో చెబుతాయి. డైవాల్‌ప్రోయెక్స్ అనే రూపంలో ఈఆర్ మాత్ర నుంచి రక్తంలోకి చేరేది మామూలు పూత మాత్రకంటే పదో వంతు తక్కువ. అందుకే పూత మాత్ర నుంచి ఈఆర్‌కు మార్చేటప్పుడు డాక్టర్లు మోతాదును 8 నుంచి 20 శాతం పెంచి రాస్తారు. కౌంటరులో “500 అదేనండీ” అని తోక చూడకుండా ఇచ్చేస్తే అది కంపెనీ మార్పిడి కాదు, మోతాదు మార్పిడి.

మా తమ్ముడి కథ అక్కడితో అయిపోలేదు. డాక్టరు గారు రెండు డోసులు ఆపించి, ఆ తర్వాత మోతాదును 250 మిల్లీగ్రాములకు తగ్గించారు. ఇది ఆయన పర్యవేక్షణలో జరిగింది, ఇంట్లో ఎవరికి వారు ఇలా ఆపకూడదు. కొత్త కంపెనీ మాత్రతోనే 250 వాడగా మూడు వారాలకు స్థాయి 12కు వచ్చింది. తూలడం పోయింది, అంకెలు గీత మీదికి వచ్చాయి. చీటీలో మాత్రం “ఫెనిటోయిన్ 250” అని మాత్రమే ఉంది. ఏ కంపెనీది అని రాయలేదు, రాయించాలని నాకూ తట్టలేదు.

తర్వాతి నెల దుకాణానికి పాత కంపెనీ స్టాకు వచ్చింది. “మీ పాతది వచ్చిందండీ” అని సంతోషంగా ఇచ్చారు, మావాడు అంతకంటే సంతోషంగా తెచ్చుకున్నాడు. తప్పంతా కొత్త కంపెనీదే అని ఇంట్లో అందరం అనుకుంటున్నాం గనుక పాతదానికి తిరిగి వెళ్ళడం మంచికే అనిపించింది. కానీ పాత మాత్రకు సరిపోయిన మోతాదు 300. ఇప్పుడు అతను దాన్ని 250 వేసుకుంటున్నాడు. మూడో వారంలో ఒక తెల్లవారుజామున మంచం మీదే ఫిట్స్ వచ్చాయి. ఆరేళ్ళ తర్వాత వచ్చిన మొదటిసారి అది. రక్తంలో స్థాయి 8కి పడిపోయింది. వెనక్కి తిరిగి వెళ్ళడం కూడా మార్పిడే అని నాకు అర్థమైంది ఆ రోజే. పాత కంపెనీతో 300కి మళ్ళీ తెచ్చి, రెండు వారాల తర్వాత పరీక్ష చేయిస్తే 14 వచ్చింది. ఈసారి డాక్టరు గారు మందు పేరు, కంపెనీ పేరు, మోతాదు మూడూ రాసి, కింద “మార్చకూడదు” అని గీత గీశారు.

అలా గీత గీసే డాక్టర్లను చూసి కంపెనీల దగ్గర ఏదో పుచ్చుకుంటున్నారని అనుమానించేవాళ్ళను నేను ఎరుగుదును. అన్ని చీటీల విషయంలో ఆ అనుమానం తప్పని నేను అనను. కానీ 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ జెనరిక్ పేర్లతోనే మందులు రాయాలని నిబంధన తెచ్చినప్పుడు కూడా, మేలుకూ హానికీ మధ్య ఎడం తక్కువగా ఉండే ఇలాంటి మందులకు అందులోనే మినహాయింపు ఇచ్చింది. ఆ నిబంధనలు ఆ నెలలోనే నిలిపివేతలో పడ్డాయి గానీ, ఆ మినహాయింపు వెనుక ఆలోచన సరైనదే. మా వృత్తికి వర్తించే నియమమూ ఉంది. ఔషధ నియమాల్లోని 65వ నియమం ప్రకారం, డాక్టరు చీటీ ఉంటేనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ మందుల విషయంలో చీటీలో రాసినదానికి బదులు మరొకటి, అందులో ఉన్న మందు అదే అయినా సరే, ఫార్మసిస్టు ఇవ్వకూడదు. ఈ నియమం కౌంటర్ల దగ్గర రోజూ ఎలా నడుస్తోందో మనందరికీ తెలుసు. నేను కూడా ఆ కౌంటరు వెనుకే నిలబడ్డాను కాబట్టి ఈ తప్పులో నా వాటా నాకు ఉంది.

కుటుంబాలు చేయగలిగినవాటిలో అన్నిటికంటే ఉపయోగపడేది ఖర్చు లేనిది: షీటు అయిపోయినా వెంటనే పారేయకండి. అది దుకాణానికి తీసుకెళ్ళి, కొత్త షీటును దాని పక్కన పెట్టి, మందు పేరు, అంకె, తోక, కంపెనీ నాలుగూ పోల్చుకుని డబ్బులివ్వండి. మాత్రలు ఇంకా పది రోజులకు ఉండగానే వెళ్ళండి, దుకాణం వాళ్ళు ఏజెన్సీ నుంచి తెప్పించడానికి ఆ పది రోజులు చాలు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా తీసుకునేవాళ్ళకు టెండరు మారినప్పుడల్లా కంపెనీ మారవచ్చు, అది మన చేతిలో లేదు. వాళ్ళు కొత్త షీటు మొదలుపెట్టిన తేదీని ఓపీ పుస్తకంలో రాసుకుని, తర్వాతిసారి వెళ్ళినప్పుడు డాక్టరుకు చూపించాలి. ఫెనిటోయిన్ అయితే మారిన రెండు మూడు వారాలకు, ఉదయం మాత్ర వేసుకోకముందు రక్తపరీక్ష చేయిస్తారా అని ఆయన్ను అడగాలి. మార్పుకు ముందు ఒక పరీక్ష ఉంటే మరీ మంచిది, ఎందుకంటే మా తమ్ముడి 14 అన్న పాత అంకె లేకపోతే 27 అన్నది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసేది కాదు.

మారిన తర్వాత నెల రోజులు రెండు వైపులా కనిపెట్టి ఉండాలి. మందు ఎక్కువైతే తూలడం, ఒకటి రెండుగా కనబడటం, మాట ముద్దగా రావడం, పగలు మత్తుగా ఉండటం, చేతిరాత మారడం కనిపిస్తాయి. తక్కువైతే ప్రతిసారీ ఒక్కసారిగా పెద్ద ఫిట్సే రావాలని లేదు. క్షణకాలం చూపు నిలిచిపోవడం, చేతిలోది జారిపోవడం, నిద్ర లేచేసరికి నాలుక కొరుక్కుని ఉండటం, పక్క తడవడం ముందుగా కనిపించవచ్చు. అనుమానం వస్తే ఫోనులో వీడియో తీయండి, డాక్టరుకు మన వర్ణన కంటే అది ఎక్కువ చెబుతుంది. ఆ నెలలో బండి నడపడం, బావి దగ్గర, పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండటం తగ్గించాలి. ఫిట్స్ అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా, పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

కంపెనీ మారకుండానే మారినట్టు అనిపించే సందర్భాలూ ఉన్నాయి. సిరప్ సీసాను బాగా కుదపకపోతే ఫెనిటోయిన్ అడుగుకు పేరుకుని, మొదటి వారం తక్కువ మందు, చివరి వారం ఎక్కువ మందు పడుతుంది. కార్బమజెపైన్ మాత్రలు తేమ తగిలితే గట్టిపడి, వాటి ప్రభావంలో మూడో వంతు వరకు పోవచ్చు. మన కృష్ణా తీరపు ఉక్కలో మాత్రలను షీటు నుంచి తీసి డబ్బాలో పోసి ఉంచడం, వంటింటి అరలోనో బాత్రూం అద్దం వెనుకో పెట్టడం మంచిది కాదు.

ఇంత చెప్పాక ఒక భయం నాకు మిగిలింది. ఇది చదివి ఎవరైనా, అలవాటైన కంపెనీ దొరకలేదని మాత్ర వేసుకోవడమే మానేస్తారేమోనని. బుడమేరు వరద సమయంలో సింగ్ నగర్‌లో ఒక కుటుంబం మందుల డబ్బాతో సహా అన్నీ పోగొట్టుకుంది. వాళ్ళ అబ్బాయి కార్బమజెపైన్ కోసం రెండు రోజులు అదే కంపెనీది కావాలని వెతుకుతూ, వేరే కంపెనీది ఇస్తామన్నా తీసుకోలేదు. మూడో రోజు ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. మందు ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల వచ్చే ప్రమాదం ముందు కంపెనీ మార్పిడి ప్రమాదం చాలా చిన్నది. అదే మందు, అదే అంకె, అదే తోక ఉన్న వేరే కంపెనీ మాత్రను ఆ పూటకు వేసుకుని, డాక్టరుకు ఫోను చేసి చెప్పి, తేదీ రాసుకోవాలి.

మా తమ్ముడు ఇప్పుడు కొత్త షీటు కొన్నప్పుడల్లా కౌంటరు దగ్గరే ఫోటో తీసి నాకు పంపుతాడు. నేను దాన్ని పాత ఫోటో పక్కన పెట్టి నాలుగూ చూసి, “సరే, వేసుకో” అని పంపుతాను. పోయిన నెల ఒక ఫోటోలో కంపెనీ అదే, అంకె అదే, కానీ షీటు రంగు వేరుగా ఉంది. ప్యాకింగ్ మాత్రమే మారిందని ఏజెన్సీ వాళ్ళను అడిగి తెలుసుకునేసరికి గంట పట్టింది. అప్పటిదాకా అతను షీటు చింపలేదు. డబ్బాలో దాచిన పాతవాటిలోంచి రాత్రి డోసు వేసుకుని, నా జవాబు కోసం ఎదురు చూశాడు.